సోలార్ ప్యానెల్ పనితీరు వారంటీ క్లెయిమ్: హామీ పత్రం చదవడం నుంచి ల్యాబ్ నివేదిక దాకా

సోలార్ వ్యవస్థ నుంచి వచ్చే యూనిట్లు తగ్గాయని గమనించిన యజమాని సాధారణంగా మొదట చేసేది నెలవారీ ఉత్పత్తి గణాంకాలను జతచేసి తయారీదారుకు ఫిర్యాదు రాయడం. ఆ ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ తిరస్కరణకు గురవుతుంది. తయారీదారు హామీ ఇచ్చింది యూనిట్లకు కాదు, నిర్దేశిత పరీక్షా పరిస్థితులలో ఒక్కో ప్యానెల్ ఇచ్చే గరిష్ఠ శక్తికి, అంటే వాట్లకు మాత్రమే. యూనిట్లు తగ్గడానికి మబ్బు పట్టిన కాలం, దుమ్ము, పెరిగిన చెట్టు నీడ, ఇన్వర్టర్ లోపం, గ్రిడ్ వోల్టేజీ పెరిగినప్పుడు ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవడం వంటి కారణాలు అనేకం ఉంటాయి, వాటిలో ఏదీ వారంటీ పరిధిలోకి రాదు. అందువల్ల క్లెయిమ్ గెలవాలంటే ఫలానా సీరియల్ నంబరు గల ప్యానెల్ శక్తి, హామీ పత్రం ఆ సంవత్సరానికి నిర్ణయించిన కనీస పరిమితి కంటే, కొలతలోని అనిశ్చితిని తీసివేసిన తరువాత కూడా, తక్కువగా ఉందని చూపించాలి. ఈ మార్గదర్శి ఆ ఒక్క వాక్యాన్ని నిరూపించే పద్ధతి గురించి.

మొదటి అడుగు: హామీ పత్రాన్ని అక్షరం వదలకుండా చదవడం

ప్యానెల్‌తో రెండు వేర్వేరు హామీలు వస్తాయి. ఉత్పత్తి వారంటీ తయారీలోని లోపాలకు, అంటే గాజు వెనుక పొరలు విడిపోవడం, జంక్షన్ బాక్స్ ఊడిపోవడం, అతుకులు పాడవడం వంటివాటికి వర్తిస్తుంది. పనితీరు వారంటీ శక్తి తగ్గుదలకు మాత్రమే వర్తిస్తుంది, దాని గడువు సాధారణంగా 25 లేదా 30 సంవత్సరాలు ఉంటుంది. శక్తి తగ్గడానికి కారణం కళ్లకు కనిపించే లోపమే అయి, ఉత్పత్తి వారంటీ గడువు ఇంకా మిగిలి ఉంటే, ముందుగా దాని కింద క్లెయిమ్ చేయడమే మేలు, ఎందుకంటే అక్కడ వాట్ల లెక్క నిరూపించాల్సిన భారం ఉండదు.

పాత తరం హామీలు మెట్ల రూపంలో ఉండేవి: 10 సంవత్సరాల వరకు 90 శాతం, 25 సంవత్సరాల వరకు 80 శాతం. ఆ పద్ధతిలో 3వ సంవత్సరంలోనే ప్యానెల్ 91 శాతానికి పడిపోయినా యజమాని ఏమీ చేయలేకపోయేవాడు. ఇప్పటి సరళరేఖ హామీ ఈ లోపాన్ని చాలావరకు తీర్చింది. దాని పదజాలం సాధారణంగా ఇలా ఉంటుంది: «మొదటి సంవత్సరాంతానికి ప్యానెల్ వాస్తవ శక్తి, లేబుల్‌పై పేర్కొన్న శక్తిలో 98 శాతానికి తగ్గదు, 2వ సంవత్సరం నుంచి 25వ సంవత్సరం వరకు వార్షిక తగ్గుదల 0.55 శాతానికి మించదు. 25వ సంవత్సరాంతానికి వాస్తవ శక్తి 84.8 శాతానికి తగ్గదు.» కొన్ని ఎన్-టైప్ ప్యానెళ్లకు మొదటి సంవత్సరం తగ్గుదల 1 శాతం, తరువాత ఏటా 0.4 శాతం చొప్పున 30వ సంవత్సరానికి 87.4 శాతం అనే హామీ కనిపిస్తుంది.

ఇలాంటి పత్రంలో నాలుగు చోట్ల ఆగి చూడాలి.

మొదటిది, 0.55 శాతం దేనిలో అన్నది. లేబుల్ శక్తిలో 0.55 శాతం అయితే 98 నుంచి 24 సార్లు 0.55 తీసివేయగా సరిగ్గా 84.8 వస్తుంది, అదే అసలైన సరళరేఖ. అంతకు ముందటి సంవత్సరపు శక్తిలో 0.55 శాతం అని చదివితే 25వ సంవత్సరానికి సుమారు 85.9 వస్తుంది. పత్రంలో చివరి సంవత్సరపు శాతం కూడా రాసి ఉంటుంది కాబట్టి, వెనక్కి లెక్క కట్టి ఏ అర్థం ఉద్దేశించారో తేల్చుకోవచ్చు.

రెండవది, పోలిక దేనితో అన్నది. మీ ప్యానెల్ కొత్తలో ఎంత ఇచ్చిందన్న దానితో కాదు, లేబుల్ మీది అంకెతో పోలుస్తారు. ప్యానెళ్లు లేబుల్ కంటే కొద్దిగా ఎక్కువ శక్తితో వస్తాయి. అలా 101 శాతంతో మొదలైన ప్యానెల్ ఏటా 1.5 శాతం చొప్పున క్షీణిస్తున్నా, 2వ సంవత్సరాంతానికి 98 శాతం దగ్గర, అంటే హామీ గీత అయిన 97.45 శాతానికి పైనే ఉంటుంది. వేగంగా క్షీణిస్తోందన్న విషయం నిజమే అయినా, గీత దాటే వరకు క్లెయిమ్‌కు ఆధారం ఉండదు. «వార్షిక తగ్గుదల మించదు» అన్న మాటను చాలామంది వేగానికి ఇచ్చిన హామీగా చదువుతారు, తయారీదారులు మాత్రం దానిని గీత ఎత్తుకు ఇచ్చిన హామీగానే చూస్తారు.

మూడవది, కొలత అనిశ్చితి. «కొలత సహనాన్ని పరిగణనలోకి తీసుకున్న తరువాత» అనే చిన్న పదబంధం పత్రంలో ఎక్కడో ఒక మూల, తరచుగా నిర్వచనాల భాగంలో ఉంటుంది. సహనం, అంటే కొలతలో అనుమతించే తేడా, 3 శాతం అని రాసి ఉంటే, మీ కొలత హామీ గీతకు మరో 3 శాతం దిగువన ఉన్నప్పుడే క్లెయిమ్ నిలబడుతుంది. నా దృష్టిలో మొత్తం పత్రంలో అత్యంత ఖరీదైన పదబంధం ఇదే, ఎందుకంటే ఇది ఒక్కటే అయిదారు సంవత్సరాల అనుమతించిన క్షీణతతో సమానం.

నాలుగవది, వారంటీ ఏ రోజు మొదలవుతుందన్నది. చాలా పత్రాలలో అది మీ వ్యవస్థ పనిచేయడం మొదలైన రోజు కాదు; ప్యానెల్ మొదటి కొనుగోలుదారుకు అందిన తేదీ, లేదా ఫ్యాక్టరీ నుంచి బయలుదేరిన తరువాత కొన్ని నెలలు గడిచిన తేదీ, ఈ రెండింటిలో ఏది ముందైతే అది. గోదాములో చాలాకాలం పడి ఉన్న ప్యానెళ్ల విషయంలో ఈ తేడా ఒక పూర్తి సంవత్సరానికి చేరవచ్చు.

వీటితో పాటు మినహాయింపుల జాబితా, ఫిర్యాదు చేయాల్సిన గడువు, ప్యానెల్‌ను మొదట అమర్చిన చోటు నుంచి కదిలిస్తే హామీ రద్దవుతుందా, ఆస్తి చేతులు మారితే కొత్త యజమానికి సంక్రమిస్తుందా అన్నవి కూడా గుర్తుపెట్టుకోవాలి. మీరు కొన్న నాటి పత్రమే మీకు వర్తిస్తుంది, ఇప్పుడు తయారీదారు వెబ్‌సైట్‌లో ఉన్న కొత్త ప్రతి కాదు.

రెండవ అడుగు: ప్యానెల్ కాని కారణాలను తొలగించడం

ఇన్వర్టర్‌కు రెండు లేదా అంతకంటే ఎక్కువ ఒకదానికొకటి కలిపిన ప్యానెళ్ల వరుసలు, అంటే స్ట్రింగ్‌లు ఉంటే, నిర్మలమైన మధ్యాహ్నం వాటి కరెంట్లను, వోల్టేజీలను పోల్చి చూడండి. ఒకే దిశలో, ఒకే వాలుతో, సమాన సంఖ్యలో ప్యానెళ్లున్న స్ట్రింగ్‌లలో ఒకటి మాత్రమే వెనుకబడితే సమస్య ఆ స్ట్రింగ్‌లో ఉంది. అన్నీ సమానంగా తగ్గితే ముందు దుమ్మును, ఇన్వర్టర్ లాగ్‌లోని ఎర్రర్ కోడ్‌లను చూడాలి. నీడ విషయంలో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అదే చోటి నుంచి తీసిన ఫోటోలు చాలు.

దుమ్ము గురించి తయారీదారు తప్పకుండా అడుగుతారు. అందువల్ల ప్యానెళ్లను కడగడానికి ముందు ఒకసారి, కడిగి ఆరిన తరువాత మరొకసారి కొలిచి రెండింటినీ దాచుకోవడం మంచిది. క్లెయిమ్‌కు కడిగిన తరువాతి కొలతే ఆధారం, ముందటిది దుమ్ము వాటా ఎంతో చూపిస్తుంది.

మూడవ అడుగు: ఒక్కో ప్యానెల్‌నూ కొలవడం

లేబుల్ మీది వాట్లు ప్రామాణిక పరీక్షా పరిస్థితులకు చెందినవి: చదరపు మీటరుకు 1000 వాట్ల కాంతి, 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత, ఏఎం 1.5 వర్ణపటం. ఆరుబయట ఈ పరిస్థితులు ఒకేసారి దొరకవు కాబట్టి, వోల్టేజీ మారే కొద్దీ కరెంటు ఎలా మారుతుందో గీతగా చూపే ఐ-వి కర్వ్ ట్రేసర్ అనే పరికరంతో కొలిచి, ఆ ఫలితాన్ని ప్రామాణిక పరిస్థితులకు సవరించాలి. ఈ పనికి పరికరం, దానిని వాడిన అనుభవం ఉన్న నిపుణుడిని పిలవడమే సరి. స్ట్రింగ్‌లో వందల వోల్టుల డీసీ ఉంటుంది, కరెంటు పారుతుండగా కనెక్టర్‌ను లాగితే ఆర్క్ మంట లేస్తుంది. అయినా నిపుణుడు ఏమి చేయాలో యజమానికి తెలిసి ఉండాలి.

కాంతిని కొలిచే రిఫరెన్స్ సెల్ ప్యానెల్ ఉన్న వాలులోనే, దాని పక్కనే బిగించాలి, దానికి చెల్లుబాటులో ఉన్న క్యాలిబ్రేషన్ ధ్రువపత్రం ఉండాలి. ఆకాశం స్థిరంగా ఉండి, కాంతి చదరపు మీటరుకు కనీసం 700 వాట్లున్నప్పుడే కొలవాలి, అంతకంటే తక్కువలో సవరణ దోషం పెరుగుతుంది. ఉష్ణోగ్రత సెన్సర్‌ను ప్యానెల్ వెనుక, అంచుకు దూరంగా ఒక సెల్ వెనుక అతికించాలి. బలమైన ఎండలో సెల్ లోపల ఉష్ణోగ్రత వెనుక పొర కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. సవరణకు సరళమైన సూత్రం ఇది:

```
P_STC = P / ((G / 1000) × (1 + γ × (T − 25)))
```

ఇందులో P కొలిచిన వాట్లు, G కాంతి, T సెల్ ఉష్ణోగ్రత, γ డేటాషీట్‌లో ఇచ్చిన గరిష్ఠ శక్తి ఉష్ణోగ్రత గుణకం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 540 వాట్ల ప్యానెళ్లు 18 ఉన్న ఒక స్ట్రింగ్, వారంటీ మొదలై 6 సంవత్సరాల 5 నెలలైంది, హామీ పైన చెప్పిన 98 శాతం, 0.55 శాతం రకం. ఇది 7వ సంవత్సరం. 6వ సంవత్సరాంతపు పరిమితి 95.25 శాతం, 7వ సంవత్సరాంతపు పరిమితి 94.7 శాతం. పత్రం స్పష్టంగా చెప్పనప్పుడు తక్కువ అంకెనే ఎంచుకోవాలని నా సలహా, ఎందుకంటే దానితో వేసిన క్లెయిమ్‌ను ఏ వ్యాఖ్యానంతోనూ కొట్టివేయలేరు. 540లో 94.7 శాతం 511.4 వాట్లు. 3 శాతం సహనం తీసివేస్తే 496 వాట్లు. క్లెయిమ్‌కు ఇదే నిజమైన గీత.

కొలిచిన రోజు కాంతి 860, సెల్ ఉష్ణోగ్రత 54 డిగ్రీలు, గుణకం డిగ్రీకి మైనస్ 0.35 శాతం అనుకుందాం. అప్పుడు కాంతి సవరణ 0.86, ఉష్ణోగ్రత సవరణ 0.8985. స్ట్రింగ్ పాజిటివ్ చివరన ఉన్న ప్యానెల్ 398 వాట్లు ఇచ్చింది. సవరిస్తే 515 వాట్లు, అంటే ఆరోగ్యంగా ఉంది. మధ్యలో ఉన్నది 385 వాట్లు ఇచ్చింది. సవరిస్తే 498 వాట్లు. నెగెటివ్ చివరన ఉన్నది 352 వాట్లు ఇచ్చింది. సవరిస్తే 456 వాట్లు, అంటే లేబుల్‌లో 84 శాతం.

మధ్య ప్యానెల్ హామీ గీతకు దిగువనే ఉంది, కానీ సహనాన్ని లెక్కిస్తే 2 వాట్లు పైన ఉంది. పైగా ఆరుబయట కొలతలో 5 శాతం వరకు అనిశ్చితి ఉండటం మామూలే. దీనిని క్లెయిమ్‌లో చేర్చితే తయారీదారు దీనిపైనే వాదన మొదలుపెట్టి, మిగతా బలమైన కేసులను కూడా అనుమానంలోకి లాగుతారు. దీనిని పక్కన పెట్టి మరుసటి సంవత్సరం మళ్లీ కొలవాలి. గీత ఏటా 3 వాట్ల చొప్పున మాత్రమే దిగుతుంది; ప్యానెల్‌లో నిజంగా లోపం ఉంటే అది అంతకంటే చాలా వేగంగా దిగి గీతను దాటుతుంది. నెగెటివ్ చివరి ప్యానెల్‌కు మాత్రం 496కు 40 వాట్ల దూరం ఉంది, కాబట్టి కొలతలో ఎంత లోపం ఎంచినా అది నిలబడుతుంది.

కర్వ్ ఆకారం చెప్పే విషయం

వాట్ల అంకె ఎంత ముఖ్యమో కర్వ్ ఆకారం అంత ముఖ్యం, ఎందుకంటే తయారీదారు చెప్పబోయే సాకులకు సమాధానం అందులోనే ఉంటుంది. ప్యానెల్ అంతటా సమానంగా పరుచుకున్న దుమ్ము కరెంటును తగ్గిస్తుంది, కర్వ్ ఆకారాన్ని పెద్దగా మార్చదు. అందువల్ల షార్ట్ సర్క్యూట్ కరెంటు కాంతికి తగిన విలువలోనే ఉండి, గరిష్ఠ శక్తి మాత్రం బాగా తగ్గి ఉంటే, దుమ్ము వాదన అక్కడితో ముగుస్తుంది. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ దాదాపు మూడో వంతు పడిపోతే ఒక బైపాస్ డయోడ్ షార్ట్ అయి ఉండవచ్చు. ఇది ఉత్పత్తి వారంటీకి చెందిన విషయం. వోల్టేజీ వైపు వాలు మెత్తబడితే అతుకుల నిరోధం పెరిగిందని అర్థం.

కరెంటు వైపు సమతలంగా ఉండాల్సిన భాగం వాలుగా మారి, నష్టం స్ట్రింగ్ నెగెటివ్ చివర ఎక్కువై పాజిటివ్ చివరకు వెళ్లే కొద్దీ తగ్గుతూ పోతే, మన ఉదాహరణలో లాగా, అది సాధారణంగా పీఐడీ అనే వ్యాధి. అధిక వోల్టేజీ వల్ల గాజులోని సోడియం అయాన్లు సెల్‌లోకి చేరి లీకేజీ దారులు ఏర్పరుస్తాయి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ రకం పీఐడీ కొంతవరకు వెనక్కి మళ్లుతుంది, రాత్రిపూట వ్యతిరేక వోల్టేజీ ఇచ్చి నయం చేసే పరికరాలు కూడా ఉన్నాయి. వాటిని ముందే బిగిస్తే ప్యానెల్ కోలుకోవచ్చు, కానీ కోలుకోవడం అసంపూర్ణంగా ఆగితే మీ దగ్గర ఆధారం మిగలదు. కొలతలు, చిత్రాలు పూర్తయ్యే వరకు ఆ పరికరాన్ని వాడకూడదు.

నాలుగవ అడుగు: ఆధారాల దస్త్రం కూర్చడం

దస్త్రానికి వెన్నెముక సీరియల్ నంబరు. ప్రతి ప్యానెల్ వెనుక లేబుల్‌ను, గాజు కింద ఉన్న బార్‌కోడ్‌ను స్పష్టంగా చదవగలిగేలా ఫోటో తీసి, అదే నంబరుతో ఆ ప్యానెల్ కర్వ్ ఫైలు, థర్మల్ చిత్రం, పైకప్పు మీద దాని స్థానం అన్నీ జతపరచాలి. ఏ కొలత ఏ ప్యానెల్‌దో తెలియకపోతే ఎంత ఖచ్చితమైన కొలతైనా పనికిరాదు. లేబుల్ చెరిగిపోయినా, తీసేసినా హామీ చెల్లదని చాలా పత్రాలు చెబుతాయి, కాబట్టి ఈ ఫోటోలు ప్యానెళ్లు కొత్తవిగా ఉన్న రోజుల్లోనే తీసుకోవడం ఉత్తమం.

ఆ తరువాత కొనుగోలు బిల్లు, సరఫరా తేదీ చూపే కాగితం, ఆనాటి హామీ పత్రం, డేటాషీట్, అమర్చిన సంస్థ ఇచ్చిన ప్రారంభ పరీక్షల నివేదిక, స్ట్రింగ్‌ల పటం, ఇన్వర్టర్ నమూనా, గ్రౌండింగ్ వివరాలు ఉండాలి. ఐఈసీ 62446-1 ప్రమాణం ప్రకారం తయారైన ప్రారంభ నివేదిక ఉంటే వ్యవస్థ మొదట సక్రమంగానే ఉందని చూపడానికి అది బలమైన సాక్ష్యం. ప్యాలెట్‌తో వచ్చే ఫ్లాష్ టెస్ట్ జాబితా, అంటే ఫ్యాక్టరీలో ఒక్కో ప్యానెల్‌కు కొలిచిన శక్తి పట్టిక, దొరికితే అది కూడా చేర్చండి.

థర్మల్ చిత్రాలు కాంతి 600 వాట్లకు తగ్గనప్పుడు, వ్యవస్థ లోడు మీద ఉండగా తీయాలి. ప్యానెల్‌కు కరెంటు ఇచ్చినప్పుడు సెల్‌లు వెలువరించే కాంతిని పట్టే ఎలక్ట్రోలూమినిసెన్స్ చిత్రం తీయించగలిగితే సెల్‌లలోని పగుళ్లు, పీఐడీతో నల్లబడిన సెల్‌లు కళ్లముందు కనిపిస్తాయి. కర్వ్‌ల చిత్రాలను మాత్రమే కాక ట్రేసర్ నుంచి వచ్చిన అసలు డేటా ఫైళ్లను, రిఫరెన్స్ సెల్ ధ్రువపత్రాన్ని కూడా ఇవ్వాలి. ఇన్వర్టర్ ఉత్పత్తి లాగ్‌లకు స్థానం చివరలోనే, ఎప్పటి నుంచి తగ్గుదల మొదలైందో చూపే సహాయక ఆధారంగా.

ఈ దశలో చేయకూడనివి రెండు ఉన్నాయి. తయారీదారు రాతపూర్వక అనుమతి లేకుండా ప్యానెల్‌ను పైకప్పు నుంచి దించకూడదు, జంక్షన్ బాక్స్‌ను తెరవకూడదు. ఈ రెండూ తిరస్కరణకు సులువైన కారణాలు అవుతాయి.

అయిదవ అడుగు: క్లెయిమ్ పంపడం

హామీ ఇచ్చిన సంస్థ పేరు, చిరునామా పత్రంలో ఉంటాయి. అమ్మినవారి ద్వారా వెళ్లాలని పత్రం చెబితే అలాగే వెళ్లి, ప్రతిని నేరుగా తయారీదారుకు కూడా పంపండి. లోపం తెలిసిన తేదీ నుంచి గడువు లెక్కిస్తారు కాబట్టి, కొలతలన్నీ పూర్తి కాకపోయినా ముందస్తు నోటీసు ఒకటి పంపి, వివరాలు తరువాత ఇస్తామని చెప్పడం క్షేమం. ప్రధాన లేఖ చిన్నదిగా, లెక్క కనిపించేలా ఉండాలి. ఉదాహరణకు:

«జతపరచిన పట్టికలోని సీరియల్ నంబర్లు గల 540 వాట్ల ప్యానెళ్లకు మీ పరిమిత హామీ పత్రం కింద పనితీరు క్లెయిమ్ సమర్పిస్తున్నాము. హామీ ప్రారంభ తేదీ ప్రకారం ఇవి 7వ సంవత్సరంలో ఉన్నాయి. హామీ పరిమితి 94.7 శాతం, అంటే 511.4 వాట్లు, 3 శాతం కొలత సహనం తీసివేయగా 496 వాట్లు. శుభ్రపరిచిన తరువాత కొలిచి ప్రామాణిక పరిస్థితులకు సవరించిన శక్తి ఒక్కో ప్యానెల్‌కు పట్టికలో ఉంది. షార్ట్ సర్క్యూట్ కరెంటు సాధారణ స్థాయిలో ఉన్నందున ఈ నష్టానికి దుమ్ము కారణం కాదు. క్లెయిమ్ అందినట్లు నంబరుతో ధ్రువీకరించి, పరిశీలన విధానాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు.»

జవాబుగా సాధారణంగా ఒక ప్రశ్నావళి, తరువాత ఒకటి రెండు నమూనా ప్యానెళ్లను ల్యాబ్‌కు పంపమన్న కోరిక వస్తాయి. ల్యాబ్ ఐఎస్ఓ/ఐఈసీ 17025 గుర్తింపు ఉన్నదై, ఇరుపక్షాలూ ముందుగా రాతపూర్వకంగా అంగీకరించినదై ఉండాలి. ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. క్లెయిమ్ నిజం కాదని తేలితే పరీక్ష, రవాణా ఖర్చులు యజమానివేనని చాలా పత్రాలు అంటాయి. అందుకే పంపే నమూనా సరిహద్దు కేసు కాకుండా స్పష్టమైన కేసు కావాలి. రవాణాలో సెల్‌లు పగిలితే ఆ నష్టం మీ ఖాతాలో పడుతుంది. పంపే ముందు తీయించిన ఎలక్ట్రోలూమినిసెన్స్ చిత్రం అప్పుడు ఆదుకుంటుంది.

ఆరవ అడుగు: పరిష్కారాన్ని అంగీకరించే ముందు

మరమ్మతు, మార్పిడి, తగ్గిన వాట్లకు సరిపడా అదనపు ప్యానెళ్లు, తరుగు తీసివేసిన నగదు, వీటిలో ఏది ఇవ్వాలో ఎంచుకునే హక్కు సాధారణంగా తయారీదారుదే. దించడం, బిగించడం, రవాణా ఖర్చులు, పోయిన ఉత్పత్తి విలువ చాలా హామీలలో ఉండవు. పైకప్పు మీద స్థలం లేనప్పుడు అదనపు ప్యానెళ్లు పనికిరావని రాతపూర్వకంగా చెప్పి మార్పిడి కోరవచ్చు, కారణం సహేతుకంగా ఉంటే ఒప్పుకునే అవకాశం ఉంది.

మార్పిడిలో వచ్చే కొత్త ప్యానెల్ వాట్లు ఎక్కువగా ఉన్నంత మాత్రాన సరిపోదు. అది వెళ్లేది పాత స్ట్రింగ్‌లోకి. గరిష్ఠ శక్తి దగ్గర దాని కరెంటు మిగతావాటి కంటే తక్కువైతే మొత్తం స్ట్రింగ్‌ను వెనక్కి లాగుతుంది. అంగీకరించే ముందు దాని డేటాషీట్ తెప్పించి కరెంటు, కొలతలు, ఫ్రేమ్ మందం, కనెక్టర్ రకం సరిచూడాలి. కొత్త ప్యానెల్‌కు హామీ మళ్లీ మొదటి నుంచి మొదలుకాదు, పాతదానిలో మిగిలిన కాలమే వర్తిస్తుంది. మన ఉదాహరణలో అది 25లో మిగిలిన 18 సంవత్సరాల 7 నెలలు, మార్పిడికి పట్టిన నెలలను అందులోంచి తీసివేయాలి. ఆ మిగిలిన కాలం కొత్త సీరియల్ నంబరు పేరిట నమోదైందని, పరిమితిని ఏ సంవత్సరపు శాతంతో లెక్కిస్తారో రాసి ఉన్న ధ్రువీకరణను తయారీదారు నుంచి తీసుకుని, దానిని కొత్త లేబుల్ ఫోటోతో కలిపి పాత దస్త్రంలోనే ఉంచాలి.